టెస్ట్ మెయిల్ బాగానే వచ్చిందట

ఇందాక మా పూర్వ విద్యార్థుల సంఘం కార్యదర్శిగారు ఫోన్ చేసి, సమావేశ ఆహ్వానం సిద్ధంగా ఉందనీ, సాయంత్రం ఆరింటికి రెండు వేల పైచిలుకు మందికి వెళ్లిపోతుందనీ, నేను ఊరికే ఒకసారి చూస్తే చాలుననీ సెలవిచ్చారు. చూశాను. మొదటి వరుసలోనే "*|FNAME|*కు నమస్కారం" అని ఉంది. మెయిల్‌చింప్‌లో *|FNAME|* అంటే పంపేటప్పుడు ఎవరి పేరు వారికి వచ్చి కూర్చునే ట్యాగు. ఇదేమిటండీ అంటే, "టెస్ట్ మెయిల్ నాకు బాగానే వచ్చిందే!" అన్నారు. రాకేం చేస్తుంది? ఆయన పేరు సూర్యారావు లాంటిది, "కు" చక్కగా అతుకుతుంది. అదే జాబితాలోని రవికి "రవికు నమస్కారం" అని వెళ్తుంది. సీతకు అంటాం, రవికి అంటాం. ఈ తేడా మెయిల్ పంపే సాఫ్ట్‌వేర్‌కు ఎవరూ నేర్పలేదు, అది పేరును తెచ్చి ఖాళీలో పెట్టడం తప్ప మరొకటి ఎరుగదు. కాబట్టి తెలుగులో పేరు ట్యాగుకు విభక్తిని నేరుగా అంటించకూడదు. మధ్యలో "గారికి" పెడితే రవి అయినా సీత అయినా వాక్యం చెడదు, పైగా మర్యాద కూడా దక్కుతుంది.

రెండో వరుసలో ట్యాగు చూడడానికి నిక్షేపంలా ఉంది గాని ప్రివ్యూలో పేరుకు బదులు ట్యాగే కనిపిస్తోంది. వర్డ్‌లో టైపు చేసి, బోల్డ్ చేసి, తెచ్చి అతికించిన ఘనకార్యం ఇది. సోర్సు తెరిస్తే లోపల ఇలా ఉంది:

```
*|<b>FNAME</b>|*
```

రెండు గీతల మధ్య బోల్డ్ ఆదేశం దూరడంతో సాఫ్ట్‌వేర్ దాన్ని ట్యాగుగా గుర్తించడం మానేసింది. ట్యాగును పూర్తిగా చెరిపి, ఎడిటర్‌లోనే మళ్లీ టైపు చేసి, అవసరమైతే మొత్తం ట్యాగును ఎంచుకుని బోల్డ్ చేయాలి. రెండు నిమిషాల పని.

అయితే నా కోపం టెంప్లేట్ మీద కంటే జాబితా మీద ఎక్కువ. మనలో చాలామందికి ఇంటిపేరు ముందు వస్తుందనీ, అదీ ఒక్క అక్షరంగా వస్తుందనీ తెలిసి కూడా, పూర్తి పేర్ల వరుసను ఎక్సెల్‌లో ఖాళీ దగ్గర విరగ్గొట్టి మొదటి ముక్కను FNAME అని పిలిచిన మహానుభావుడెవరో ఇంతవరకూ బయటపడలేదు. అందువల్ల ఏటా నాకు "కె గారికి" అని ఆహ్వానం వస్తుంది, నేను ఏటా వెళ్తాను. నా సంగతి సరే. నిరుడు చనిపోయిన ఒక సభ్యుడి పేరును గౌరవంగా మార్చి రాశారు, చిరునామా మాత్రం ఆయన భార్యదే ఉంచారు. ఆ విరగ్గొట్టుడు మళ్లీ జరిగింది, ఆమెకు "ప్రియమైన కీ.శే. గారికి" అని మెయిల్ వెళ్లింది. అప్పుడు క్షమాపణ చెప్పడానికి ఫోన్ చేసింది నేను. అప్పుడూ టెస్ట్ మెయిల్ బాగానే వచ్చిందట!

అందుకే ఈ రోజు జాబితాను నేనే తెరిచాను. FNAME పేర్లు B వరుసలో ఉంటే, పక్కన ఖాళీ వరుసలో ఈ సూత్రం రాసి చివరిదాకా లాగాలి:

```
=LEN(TRIM(B2))
```

ఆ అంకెలను చిన్నదాని నుంచి పెద్దదానికి అమర్చితే దాక్కున్న దొంగలందరూ పైకి వస్తారు. సున్నా వచ్చినవి ఖాళీ గడులు, లేదా స్పేస్ మాత్రమే నొక్కినవి. ఒకటి, రెండు వచ్చినవి ఇంటిపేరు అక్షరాలు. ఆ కాస్త కిందనే "Dr." కూర్చుని ఉంటాడు. అక్షరాల గడులను పూర్తి పేరు చూసి చేత్తో దిద్దాలి, దీనికి దగ్గరిదారి లేదు. పేరే దొరకని వాళ్ల కోసం టెంప్లేట్‌లో షరతు పెట్టాను:

```
*|IF:FNAME|*
*|FNAME|* గారికి నమస్కారం,
*|ELSE:|*
మిత్రులకు నమస్కారం,
*|END:IF|*
```

ఇప్పుడు పరీక్ష కోసం నాలుగు వరుసలు ఎంచుకున్నాను: ఒక పూర్తి పేరు, ఒక ఖాళీ గడి, ఒక ఉత్త అక్షరం, ఒక డాక్టరు. వీటన్నిటినీ ప్రివ్యూలో అసలు వివరాలతో చూశాకే పంపుతానని చెప్పాను. "ఒక్క పేరు కోసం ఇంత అవసరమా?" అని కార్యదర్శిగారు నొచ్చుకున్నారు. ఆయన పేరు ఏనాడూ విరగలేదు కదా.

ఆరున్నర అయింది, మెయిల్ ఇంకా వెళ్లలేదు. ఫారంలో పేరు తప్పనిసరి అన్నందుకు ఎవరో ఒక చుక్క పెట్టి ఊరుకున్నారు. గడి ఖాళీగా లేదు కాబట్టి షరతు దాన్ని పట్టుకోలేదు, ప్రివ్యూలో నిండుగా ". గారికి నమస్కారం" అని వచ్చింది. ఆ చుక్కను చెరిపేసి మళ్లీ చూస్తున్నాను. ఫోన్ మోగుతూనే ఉంది.