రెండో లిమిట్ ఎగ్గొట్టే మహానుభావులకు ఓ దండం

ఇప్పుడే మా మేనకోడలు పరీక్ష పేపరు తెచ్చి నా ముందు పడేసింది. "మామయ్యా, ఇదెందుకు తప్పో నువ్వే చెప్పు" అంది. చూశాను. తప్పు కాదు కాబట్టి నాకూ తెలియలేదు. అయినా పక్కన ఎర్ర సిరాతో ఇంత పొడుగు ఇంటూ, కింద సున్నా. ఆ సున్నాని మాత్రం ఎంత గుండ్రంగా చుట్టారో!

ప్రశ్న ఇది: y = √(x² + 4x + 1) కి ఏటవాలు అసింప్టోట్‌లు కనుక్కోండి. పిల్ల రాసిన జవాబు: కుడి వైపు y = x + 2, ఎడమ వైపు y = −x − 2. కీలో ఉన్న జవాబు: y = x. అంతే. రెండో వైపు ఊసే లేదు. ఆ వైపు వక్రరేఖ సెలవు మీద వెళ్లింది కాబోలు.

సారుని అడిగిందట. "x బాగా పెద్దదైనప్పుడు x² ముందు 4x ఎంతమ్మా, 1 ఎంతమ్మా? వదిలెయ్. మిగిలేది √x², అంటే x" అన్నారట. వినడానికి ఎంత బాగుందో చూడండి. పెద్దవాడి ముందు చిన్నవాళ్లని వదిలెయ్యడం మనకి బాగా అలవాటేగా. ఇన్‌ఫినిటీ దగ్గర కూడా అదే న్యాయం!

అసింప్టోట్ అంటే ఏంటి? ఒక గీత. x దూరంగా పోయేకొద్దీ వక్రరేఖకీ ఆ గీతకీ మధ్య ఎడం సున్నాకి పోవాలి. గీత mx + c అయితే, f(x) − (mx + c) సున్నాకి పోవాలి. కావాల్సినవి రెండు, ఏటవాలు m, జరుగుడు c. రెండు తెలియనివి ఉంటే రెండు లిమిట్‌లు చెయ్యాలి. ముందు f(x)/x లిమిట్ తీస్తే m వస్తుంది. ఆ m పట్టుకుని f(x) − mx లిమిట్ తీస్తే c వస్తుంది. ఈ వరుస తిరగబడదు, m తెలియకుండా రెండో మెట్టు ఎక్కలేరు. మొదటి మెట్టు మీదే చాప పరుచుకుని పడుకుంటే మాత్రం కీలో y = x అని వస్తుంది.

ఆ సారు "వదిలెయ్" మొదటి మెట్టు దగ్గర తప్పు కాదు. నిజంగానే వదిలెయ్యొచ్చు. √(x² + 4x + 1) ని x తో భాగిస్తే √(1 + 4/x + 1/x²). 4/x పోతుంది, 1/x² పోతుంది, మిగిలేది 1. కాబట్టి m = 1. ఇక్కడిదాకా సారుకి నూటికి నూరు.

రెండో మెట్టు భాగహారం కాదు, తీసివేత. మర్యాదలు మారతాయి. √(x² + 4x + 1) − x అన్నప్పుడు రెండూ కొండలే, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మిగిలేది చిన్న ముక్క. ఆ చిన్న ముక్క కోసమే కదా లెక్క చేస్తున్నాం! ఇందాక "చిన్నదే" అని విసిరేసిన 4x లోనే అది దాక్కుని ఉంది. పిల్ల ఏం చేసిందో చూడండి, నా పంక్తులు కావు, తన పేపర్లోవే. సంయుగ్మంతో, అంటే √(x² + 4x + 1) + x తో పైనా కిందా గుణించింది. పైన x² లు కొట్టుకుపోయి 4x + 1 మిగిలింది. కింద √(x² + 4x + 1) + x. పైనా కిందా x తో భాగించింది. పైన 4, కింద 1 + 1. జవాబు 2. మూడు పంక్తులు. చేతిరాత ముత్యాల్లా ఉంది. దాని మీద అడ్డంగా ఎర్ర గీత.

గమనించారా, ఆ 1 ని నిజంగానే వదిలెయ్యొచ్చు. దాని బదులు 500 పెట్టినా c మారదు, 2 రెండే. 4x ని మాత్రం వదిలితే 2 పోతుంది. ఏది వదలాలో ఏది వదలకూడదో రెండో లిమిట్ చెబుతుంది, మన మొహమాటం కాదు.

లిమిట్ మీద నమ్మకం లేనివాళ్లు క్యాలిక్యులేటర్ తియ్యండి. x = 100 వెయ్యండి. లోపల 10401, దాని వర్గమూలం దాదాపు 101.985. కీ గారి y = x చెప్పేది 100. ఎడం 1.985. పిల్ల గీత చెప్పేది 102. ఎడం 0.015. x = 1000 దగ్గర పిల్ల గీతకి ఎడం 0.0015 కి దిగుతుంది. కీ గీతకి ఎడం పెరిగి 1.9985 అవుతుంది. పెరుగుతోంది సార్! దగ్గరకి రావాల్సిన గీత నుంచి వక్రరేఖ దూరం జరుగుతోంది, దానికి అసింప్టోట్ అని పేరు.

ఇంకా నొప్పి పుట్టించేది ఎడమ వైపు. x మైనస్ ఇన్‌ఫినిటీకి పోతే √x² అంటే x కాదు, −x. ఎందుకంటే వర్గమూలం ఎప్పుడూ ధనాత్మకం, x ఏమో రుణాత్మకం. అందరూ జారిపడే మెట్టు ఇది. ఈ పిల్ల జారలేదు. m = −1 తెచ్చింది. రెండో లిమిట్‌లో f(x) − mx అంటే ఇప్పుడు √(x² + 4x + 1) + x. మళ్లీ సంయుగ్మం, పైన అదే 4x + 1, కింద √(x² + 4x + 1) − x. x తో భాగించేటప్పుడు వర్గమూలం ముందు మైనస్ వస్తుంది, కింద −1 − 1. జవాబు −2. x = −100 వేసి చూడండి: లోపల 9601, వర్గమూలం 97.985 దాకా. −x − 2 అంటే 98. సరిపోయిందా? రెండు వైపులా విడివిడిగా లిమిట్ తీసిన పిల్లకి సున్నా, ఒక వైపే చూసి అదీ తప్పు రాసిన కీకి పూర్తి మార్కులు.

లిమిట్‌లు కూడా వద్దంటారా, సరే. రెండు వైపులా వర్గం చెయ్యండి. y² = (x + 2)² − 3. అంటే (x + 2)² − y² = 3. గుర్తుపట్టారా? అతిపరావలయం! మనదేమో దాని పై సగం. కేంద్రం (−2, 0). అతిపరావలయానికి అసింప్టోట్‌లు కేంద్రం గుండా పోతాయని ఇదే పిల్లలకి ఇంకో పాఠంలో బట్టీ పట్టిస్తారు. y = x ఆ కేంద్రం గుండా పోతుందా? పోదు. ఒక పాఠానికీ ఇంకో పాఠానికీ మాటలు లేవన్నమాట, తోడికోడళ్లలాగా.

ఇదంతా సారుకి ఫోన్ చేసి చెప్పాను, చాలా మర్యాదగానే. ఆయన అన్నమాట: "f(x)/x ఒకటికి పోతోందిగా సార్, అంటే రెండూ ఒకటే అయిపోయినట్టేగా."

నిష్పత్తి ఒకటికి పోతే ఎడం సున్నాకి పోయినట్టా! అయ్యా, x + √x తీసుకోండి. x = 10,000 అయితే విలువ 10,100. నిష్పత్తి 1.01. ఎడం 100. x పది లక్షలైతే నిష్పత్తి 1.001, ఇంకా ఒకటికి దగ్గరైంది. ఎడం? 1000. మొదటి లిమిట్ బుద్ధిగా 1 అని చెబుతుంది. రెండోది ఇన్‌ఫినిటీకి పారిపోతుంది. దీనికి అసలు అసింప్టోటే లేదు. x + sin x అయితే ఇంకో తమాషా, రెండో లిమిట్ దగ్గర అది −1 కీ 1 కీ మధ్య ఊగుతూనే ఉంటుంది, ఎక్కడా ఆగదు. దీనికీ లేదు. మొదటి లిమిట్‌తో సరిపెట్టుకునేవాళ్లు ఈ రెండింటికీ y = x అని గీసేసి చేతులు దులుపుకుంటారు.

ఈ sin x మాట రాగానే నా పాత పుండు కెలికినట్టయింది. చెప్పేస్తాను, ఈ రోజు ఆగేలా లేను.

నేను చదువుకునే రోజుల్లో x + (sin x)/x కి అసింప్టోట్ అడిగారు. మొదటి లిమిట్ 1. రెండోది (sin x)/x, పైన −1 కీ 1 కీ మధ్య ఊగేది, కింద పెరిగిపోయేది, కాబట్టి సున్నా. y = x అని రాశాను. బొమ్మ కూడా గీశాను, గీత చుట్టూ పాము మెలికలు తిరుగుతూ పోయినట్టు. మార్కులు కోసేశారు. కారణం? "అసింప్టోట్‌ని వక్రరేఖ తాకకూడదు."

ఎవరు చెప్పారండీ తాకకూడదని? ఆ గ్రీకు మాటకి కలవనిది అని అర్థం, నిజమే. శంకుచ్ఛేదాల మీద రాసిన అపోలోనియస్ ఆ మాట వాడిన అతిపరావలయం తన అసింప్టోట్‌లని తాకదు, అదీ నిజమే. కానీ అది అతిపరావలయం గుణం, అసింప్టోట్ చట్టం కాదు. నిర్వచనంలో ఎడం సున్నాకి పోవాలని ఉంది గానీ మధ్యలో సున్నా కాకూడదని ఎక్కడుంది? మన పుస్తకాల్లో దానికి పేరేంటి? అనంత స్పర్శరేఖ! పేరులోనే స్పర్శ పెట్టుకుని తాకకూడదట. ఈ అంటరానితనం ఎక్కణ్నుంచి తెచ్చారో ఆ పెద్దమనిషి.

మా పిల్ల కీ సంగతి మర్చిపోయి ఇప్పుడు నా పాత లెక్క మీద పడింది. "మామయ్యా, మరి నీ పాము ఆ గీతని ఎన్నిసార్లు దాటుతుంది?" అంది. sin x సున్నా అయిన ప్రతిచోటా, అంటే π, 2π, 3π, అలా ప్రతి π కీ ఒకసారి అన్నాను. x 32 చేరేలోగానే పదిసార్లు. గ్రాఫ్ కాగితం తెచ్చుకుని కూర్చుంది, ఏడో దాటుడు దగ్గర ఉంది. సారు ఇంకోసారి ఫోన్ చేశారు. నేను ఎత్తలేదు.