వెబ్‌సైట్ టైమ్‌లైన్‌లో అప్రూవల్‌కూ రోజులు కేటాయించాలి

వెబ్‌సైట్ ఆలస్యమైందంటే అందరూ ముందు డెవలపర్ల వైపే చూస్తారు. నేను చూసిన ప్రాజెక్టుల్లో మాత్రం ఎక్కువ రోజులు పోయింది పనిలో కాదు, ఒక పనికీ మరో పనికీ మధ్య. డిజైన్ పంపిస్తారు, జవాబు రాదు. ఆ ఎదురుచూపు టైమ్‌లైన్‌లో ఎక్కడా కనిపించదు. అక్కడ అప్రూవల్ అంటే ఒక తేదీ మాత్రమే, దానికి ఎన్ని రోజులు పడుతుందో ఎవరూ రాయరు.

ఎనిమిది వారాల ప్రాజెక్టు ఒకటి తీసుకుందాం. మొత్తం 40 పనిదినాలు. మొదటి 12 రోజుల్లో అవసరాలు, పేజీల జాబితా, వైర్‌ఫ్రేమ్‌లు పూర్తవుతాయి. 13 నుంచి 18 వరకు డిజైన్. 19, 20, 21 రోజులు క్లయింట్ చూసి ఒప్పుకోవడానికి. 22 నుంచి 33 వరకు డెవలప్‌మెంట్. అందులో 30వ రోజుకు పేజీల టెంప్లేట్లు సిద్ధమైతే, 31 నుంచి 34 వరకు కంటెంట్ ఎక్కిస్తారు. తర్వాత మూడు రోజులు టెస్టింగ్, రెండు రోజులు తుది అప్రూవల్, 40వ రోజున లాంచ్.

ఇక్కడ క్లయింట్ నుంచి రావాల్సినవి రెండు: డిజైన్‌కు అప్రూవల్, 24వ రోజుకల్లా కంటెంట్. రెండూ ఆలస్యమయ్యాయనుకుందాం. డిజైన్ ఓకే 21కి బదులు 26న వచ్చింది, కంటెంట్ 24కి బదులు 32న అందింది. ఐదు, ఎనిమిది కలిపి పదమూడు రోజులు పోయాయని మీటింగ్‌లో లెక్క చెబుతారు. ఎక్కువ ఆలస్యం చేసింది కంటెంట్ వాళ్లే కాబట్టి తప్పంతా వాళ్లదేనని తేల్చేస్తారు.

లెక్క అది కాదు. లాంచ్ కదిలేది ఐదు రోజులే, 40 నుంచి 45కి. డిజైన్ ఒప్పుకోకుండా డెవలప్‌మెంట్ మొదలుకాదు కాబట్టి ఆ ఐదు రోజులు నేరుగా చివరి తేదీ మీద పడ్డాయి. ఇలా ఒకదాని వెనుక ఒకటిగా, మధ్యలో ఖాళీ లేకుండా లాంచ్ దాకా సాగే పనుల గొలుసునే క్రిటికల్ పాత్ అంటారు. కంటెంట్‌కు మాత్రం మొదటి నుంచీ ఆరు రోజుల వెసులుబాటు ఉంది. 24న రావాలని రాసినా అది నిజంగా కావాల్సింది 31వ రోజు ఉదయానికే. డిజైన్ జారడంతో ఆ అవసరం కూడా 36కి వెళ్లింది. 32న వచ్చిన కంటెంట్ వల్ల ఒక్క రోజు కూడా అదనంగా పోలేదు. డిజైన్ సమయానికే ఓకే అయి ఉంటే ఇదే కంటెంట్ లాంచ్‌ను రెండు రోజులు వెనక్కి నెట్టేది. డిపెండెన్సీలు గీయని టైమ్‌లైన్‌లో ఈ తేడా కనిపించదు, ఎవరిని తొందరపెట్టాలో కూడా తెలియదు.

అందుకే నా టైమ్‌లైన్‌లో ‘డిజైన్ అప్రూవల్’ ఒక పని. దానికి మూడు రోజులు, ఒక మనిషి పేరు, ఒక గడువు సమయం ఉంటాయి: 21వ రోజు సాయంత్రం ఐదు. పక్కనే, ఇది ఒక రోజు జారితే లాంచ్ కూడా ఒక రోజు వెనక్కి జరుగుతుందని ప్రాజెక్టు మొదట్లోనే రాసి ఒప్పించుకుంటాను. నలుగురు నాలుగు మెయిళ్లలో కామెంట్లు పంపకుండా, అన్నీ కలిపి ఆ ఒక్కరే పంపాలి. ‘బాగుంది, కానీ బ్యానర్ ఒకసారి చూడండి’ అన్నది అప్రూవల్ కాదు, అది ఇంకో రౌండ్. గడువులోగా జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే అనే షరతు కొందరు పెడతారు. చిన్న విషయాలకు సరే కానీ, డిజైన్‌కు నేను ఒప్పుకోను. అప్పుడు చెప్పని అభ్యంతరం టెస్టింగ్‌లో బయటపడుతుంది. అప్పటికి కోడ్ రాసేసి ఉంటారు కాబట్టి మార్పు ఖర్చు చాలా పెరుగుతుంది.

పేమెంట్ గేట్‌వే లాంటివి ఇంకో రకం. గేట్‌వే కంపెనీ చేసే వెరిఫికేషన్ మన చేతిలో ఉండదు, కాబట్టి దానికి కావాల్సిన పత్రాలు మొదటి వారంలోనే సిద్ధం చేసుకోవాలి. చాలా గేట్‌వేలు రిఫండ్, ప్రైవసీ పేజీలు సైట్‌లో కనిపించాకే ఖాతాను పూర్తిగా తెరుస్తాయి. అంటే ఆ రెండు పేజీల కంటెంట్‌కు మిగతా వాటికున్న వెసులుబాటు ఉండదు. వాటికి విడిగా, ముందు తేదీ వేయాలి.

డొమైన్ లాగిన్ సంగతీ అంతే. లాంచ్‌కు ఒకటి రెండు రోజుల ముందే డొమైన్ పేరు ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే DNS రికార్డుల TTL ను, అంటే పాత జవాబును ఇతర సర్వర్లు గుర్తుంచుకునే సమయాన్ని, 300 సెకన్లకు తగ్గిస్తే, మార్పు త్వరగా అందరికీ చేరుతుంది. ఒక ప్రాజెక్టులో ఆ పని చేయబోతే లాగిన్ ఎప్పుడో ఉద్యోగం మానేసిన ఒకరి మెయిల్ మీద ఉందని తెలిసింది. సైట్ సిద్ధంగా ఉంది, పాస్‌వర్డ్ రీసెట్ లింక్ మాత్రం ఎవరూ తెరవలేని ఇన్‌బాక్స్‌కు వెళ్తోంది. అప్పటి నుంచి ‘డొమైన్ లాగిన్ చేసి చూశాం’ అన్నది నా టైమ్‌లైన్‌లో 3వ రోజు మైలురాయి.