సంపాదకీయాలతో కుస్తీ పడితే స్పీడు రాదు

"గ్రేడెడ్ రీడర్లు చిన్నపిల్లల పుస్తకాలు, వాటితో టైమ్ వేస్ట్ చేసుకోకండి. ఐఈఎల్‌టీఎస్‌లో వచ్చేది కష్టమైన ఇంగ్లిష్ కాబట్టి మొదటి రోజు నుంచే ఇంగ్లిష్ పత్రికల సంపాదకీయాలు చదవండి. తెలియని ప్రతి పదానికీ డిక్షనరీ చూసి రాసుకోండి. మూడు నెలల్లో స్పీడు దానంతటదే వస్తుంది. అయినా పరీక్షలో ఎవరూ మొత్తం చదవరు, స్కిమ్ చేస్తారంతే."

ఐఈఎల్‌టీఎస్‌కు చదివేవాళ్లకు చదివే స్పీడు గురించి ఇచ్చే సలహా ఇది. ఇందులో పిల్లల పుస్తకాలన్న మాట దగ్గరే మొదలుపెడతాను, మిగతా సలహా అంతా దాని మీదే నిలబడింది కాబట్టి. గ్రేడెడ్ రీడర్లంటే స్థాయిలవారీగా తేలిక ఇంగ్లిష్‌లో రాసిన పుస్తకాలు. వాటిలో ఎక్కువ భాగం ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పెద్దవాళ్ల కోసం, కాలేజీ వయసువాళ్ల కోసం రాసినవే. వాటిలో హత్య కేసులుంటాయి, చెడిన కాపురాలుంటాయి. కట్టడి ఉండేది పదాల మీదా, వాక్యాల మీదా. ఆక్స్‌ఫర్డ్ బుక్‌వర్మ్స్ సిరీస్‌లో స్టేజ్ 1 పుస్తకాన్ని 400 హెడ్‌వర్డ్స్‌తో రాస్తారు, స్టేజ్ 3ని 1,000తో, స్టేజ్ 6ని 2,500తో. హెడ్‌వర్డ్ అంటే మూలపదం: గో, వెంట్, గాన్ మూడూ కలిపి ఒకటే లెక్క.

నిజంగా పిల్లల కోసం రాసిన ఇంగ్లిష్ కథల పుస్తకం ఒకటి తెరిచి చూడండి. ఇంట్లో ఇంగ్లిష్ వింటూ పెరిగిన ఆరేళ్ల పిల్లకు పుస్తకం పట్టేనాటికే కొన్ని వేల పదాలు వచ్చు. అందుకే రచయిత ధైర్యంగా కిచకిచ నవ్వడానికి ఒక పదం, బురదలో చప్పుడుకి ఒకటి, తప్పటడుగులకి ఇంకొకటి వాడేస్తాడు. మనకు 'సస్టెయినబుల్' తెలుసు, 'టాడిల్' తెలియదు. పరీక్షకు చదివేవాళ్లను ఇబ్బంది పెట్టేది ఆ పిల్లల పుస్తకమే.

కొనేముందు ఒక జాగ్రత్త. అట్ట మీద లెవెల్ నంబరు చూసి మోసపోకండి. ఆక్స్‌ఫర్డ్‌లో 3 అంటే 1,000 హెడ్‌వర్డ్స్, కేంబ్రిడ్జ్ ఇంగ్లిష్ రీడర్స్‌లో 3 అంటే 1,300. చూడాల్సింది హెడ్‌వర్డ్స్ సంఖ్య.

ఇక అసలు సంగతి, కష్టమైనది చదివితే స్పీడు వస్తుందన్న నమ్మకం. పుస్తకం మధ్యలో ఒక పేజీ తీసుకోండి, 250 పదాలున్నాయనుకుందాం. అందులో 25 పదాలు తెలియవంటే మీకు తెలిసినవి 90 శాతం. వినడానికి ఘనంగా ఉంటుంది కానీ పది పదాలకొకటి, అంటే దాదాపు ప్రతి లైనులోనూ ఒకటి అడ్డం పడుతోందన్న మాట. హు, నేషన్ అనే ఇద్దరు పరిశోధకులు 2000లో చేసిన ప్రయోగంలో, ఎవరి సాయమూ లేకుండా కథ సరిగ్గా అర్థం కావాలంటే సుమారు 98 శాతం పదాలు తెలిసి ఉండాలని తేలింది. మన పేజీలో అది ఐదు తెలియని పదాలు. అదీ అర్థం కావడానికే. స్పీడు కోసమైతే పేజీకి ఒకటో రెండో ఉండాలి, అసలు లేకపోయినా నష్టం లేదు.

ఎందుకంటే స్పీడు అనేది కంటికి సంబంధించింది కాదు, తెలిసిన పదాన్ని ఎంత త్వరగా పోల్చుకుంటామన్నదానికి సంబంధించింది. 'అల్దో' అనే పదం కనబడగానే అర్థం తట్టాలి. అర సెకను ఆగి 'అయినప్పటికీ' అని తెలుగులోకి మార్చుకుంటే ఆ పదం తెలిసినట్టే లెక్క, స్పీడు మాత్రం లేనట్టే. ఈ పోల్చుకోవడం త్వరపడాలంటే అవే మామూలు పదాలు వందలసార్లు, వేరువేరు వాక్యాల్లో, ఆగాల్సిన పని లేకుండా కళ్ల ముందు నుంచి పోవాలి. సంపాదకీయంలో ఆ అవకాశం దొరకదు. రెండు లైన్లకోసారి కొత్త పదం బండి ఆపేస్తుంది.

తెలుగువాళ్లకు ఇంకో చిక్కు ఉంది, దీన్ని ఎవరూ చెప్పరెందుకో. మనం "నిన్న పడవ అమ్మిన మనిషి" అంటాం: వివరం ముందు, మనిషి చివర. ఇంగ్లిష్‌లో మనిషి ముందొచ్చి, నిన్న పడవ అమ్మిన సంగతి వెనకొస్తుంది. మనసులో తెలుగు చేసుకుంటూ చదివేవాళ్ల కన్ను వాక్యం చివరిదాకా వెళ్లి, మళ్లీ మనిషి దగ్గరకొచ్చి, అక్కడి నుంచి క్రియ కోసం ముందుకు పరుగెత్తాలి. ఒకే వాక్యం రెండుసార్లు చదివినట్టు. కష్టమైన వాక్యమైతే అనువాదం చేసుకోక తప్పదు, కాబట్టి ఆ అలవాటు ఇంకా గట్టిపడుతుంది. తేలిక వాక్యాలు ధారగా చదివినప్పుడే అది వదులుతుంది.

నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి లెక్క చెబుతాను. ఆమె కూడా సంపాదకీయాలతోనే మొదలుపెట్టింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని 850 పదాల వ్యాసం చదవడానికి 25 నిమిషాలు పట్టేది, అంటే నిమిషానికి 34 పదాలు. తేలికైన 550 పదాల పాఠం ఇచ్చి గడియారం పెడితే సరిగ్గా ఐదు నిమిషాలు, నిమిషానికి 110. పది ప్రశ్నల్లో ఎనిమిది రైటు. రోజుకు అరగంట చొప్పున 90 రోజులు లెక్కేస్తే, సంపాదకీయాల దారిలో కంటి ముందు నుంచి పోయేవి 92 వేల పదాలకు కాస్త తక్కువ. గ్రేడెడ్ రీడర్ల దారిలో, స్పీడు ఏమీ పెరగకపోయినా, దాదాపు 3 లక్షలు. స్టేజ్ 3 పుస్తకంలో సుమారు 10,000 పదాలుంటాయి కాబట్టి మూడు రోజులకొకటి పూర్తవుతుంది. బెగ్లర్, హంట్, కైట్ జపాన్ యూనివర్సిటీ విద్యార్థుల మీద చేసి 2012లో ప్రచురించిన పరిశోధన కూడా ఇటే చూపిస్తుంది: తేలిక చేసిన పుస్తకాలు ఎక్కువ చదివినవాళ్ల స్పీడే బాగా పెరిగింది.

ఆమెకు స్టేజ్ 4 అర్థమయ్యేది. నేను స్టేజ్ 3 ఇచ్చాను. "ఇది మరీ ఈజీ సార్" అని మొహం పెట్టింది. ఈజీగా ఉండాలనే ఇచ్చానని చెప్పి, వారానికి రెండుసార్లు మాత్రం గడియారం పెట్టమన్నాను. గడియారం పాఠాలకు క్విన్, నేషన్, మిల్లెట్ తయారుచేసిన 'ఏషియన్ అండ్ పసిఫిక్ స్పీడ్ రీడింగ్స్' వాడాం. 550 పదాల పాఠాలు ఇరవై, ఒక్కోదానికి పది ప్రశ్నలు, అన్నీ ఇంగ్లిష్‌లో ఎక్కువగా వాడే మొదటి వెయ్యి పదాల్లోనే రాసినవి. చదివాక పాఠం వైపు చూడకుండా జవాబులు రాయాలి. పదికి ఏడు కంటే తగ్గితే తొందరపడుతున్నట్టు. వరసగా తొమ్మిదీ పదీ వస్తుంటే జంకుతున్నట్టు, స్పీడు పెంచాలి. మూడో వారంలో ఆమె 150కి దూకింది, మార్కులు ఐదు. అది స్పీడు కాదు, పేజీ తిప్పడం. వెనక్కి తగ్గి 125 దగ్గర నిలదొక్కుకుంది.

డిక్షనరీ సలహాను పూర్తిగా కొట్టిపారేయను. పదాలు నేర్చుకోవాలి, కార్డులు రాసుకున్నా మంచిదే. కానీ అది వేరే గంట. ధారగా చదివే అరగంటలో డిక్షనరీ ముట్టకూడదు. తెలియని పదం కింద పెన్సిల్ గీత పెట్టి ముందుకు పోవాలి. అధ్యాయం అయ్యాక చూస్తే ఆ గీతల్లో సగానికి అర్థం కథే చెప్పేసి ఉంటుంది. గీతలు పేజీకి ఐదారు దాటుతున్నాయంటే డిక్షనరీ కాదు, పుస్తకం మార్చాలి.

స్కిమ్ చేస్తే చాలన్న మాటకు ఎక్కువ చెప్పక్కర్లేదు. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రీడింగ్‌లో మూడు పాఠాలు, మొత్తం 2,150 నుంచి 2,750 పదాలు, 40 ప్రశ్నలు, 60 నిమిషాలు. జవాబులు ఎక్కించడానికి వేరే టైమ్ ఇవ్వరు. పేరో సంవత్సరమో వెతకడానికి పైపైన చూస్తే సరిపోతుంది. ప్రశ్నలో ఇచ్చిన వాక్యానికి 'నాట్ గివెన్' అని జవాబు రాయాలంటే మాత్రం ఆ విషయం పాఠంలో లేదని తేల్చుకోవాలి, లేనిదాన్ని తేల్చుకోవాలంటే ఆ భాగం చదవాలి. పైగా పైపైన చూడడం కూడా పదాలు టక్కున పోల్చుకోగలిగినవాళ్లకే చేతనవుతుంది.

ఆ సలహాలో నిజమున్న చోటు ఒకటుంది. గ్రేడెడ్ రీడర్లు చాలావరకు కథలు, పరీక్షలో వచ్చేవి వ్యాసాలు. స్టేజ్ 6 దాటినా 'హైపాథసిస్', 'అలొకేట్' లాంటివి తగలడం తక్కువ. అందుకని ఏడో వారం నుంచి ఆమెకు సగం కథలు, సగం ఆక్స్‌ఫర్డ్ సిరీస్‌లోనే కథలు కాని పుస్తకాలు, ఫ్యాక్ట్‌ఫైల్స్ ఇచ్చాను. చివరి నాలుగు వారాలు వారానికి రెండు అసలు పరీక్ష పాఠాలు. సంపాదకీయాలు చదవాలనుకుంటే వాటి చోటు ఇక్కడ, మొదటి రోజు కాదు.

పన్నెండు వారాల తర్వాత తేలిక పాఠాల మీద ఆమె స్పీడు 110 నుంచి 160కి వచ్చింది. పరీక్ష పాఠాల మీద అంత పెరగలేదు: 85 నుంచి 115. అయినా 2,700 పదాలు ఒకసారి చదవడానికి మొదట్లో 32 నిమిషాలు పట్టేది, ఇప్పుడు 23న్నర. మిగిలిన ఎనిమిది నిమిషాలు మూడో పాఠానికి దక్కాయి. అంతకుముందు మాక్ టెస్టుల్లో ఆ పాఠం చివరి ఐదు ప్రశ్నలు గుడ్డిగా పెట్టేది.

మీ విషయంలో రెండు అంకెలూ వేరువేరుగా రాసుకోండి. తేలిక పాఠం స్పీడు పెరుగుతూ, పరీక్ష పాఠం స్పీడు నెలపాటు కదలకపోతే లోపం ధారలో లేదు, పదాల్లో ఉంది. అప్పుడు కొత్త రీడర్ కొనకండి. కాక్స్‌హెడ్ 2000లో ప్రకటించిన అకడమిక్ వర్డ్ లిస్ట్ తీయండి, 570 పదకుటుంబాలు. దాన్ని పది భాగాలు చేసి పెట్టారు, ఎక్కువగా వాడేవి మొదటి భాగంలో ఉంటాయి. అక్కడి నుంచి రోజుకు పది చొప్పున మొదలుపెట్టండి, ఆ అరగంట చదువు మాత్రం ఆపకుండా.