మెట్రో పిల్లర్‌కి అటు దిక్కా, ఇటు దిక్కా?

పోయిన నెల మా తమ్ముడి బండి పోయింది. మెయిన్ రోడ్డు పక్కన పెట్టి టిఫిన్ తిని వచ్చేసరికి లేదు. దగ్గర్లో ఉన్న ఠాణాకి పరిగెత్తాం. అక్కడి కానిస్టేబుల్ బండి నంబరు అడగలేదు. "అన్నా, మెట్రో పిల్లర్‌కి అటు దిక్కు పెట్టిర్రా, ఇటు దిక్కు పెట్టిర్రా?" అన్నాడు. అటు దిక్కు అనగానే ఆయన మొహం తేటపడింది. "గయితే మా లిమిట్స్ కాదన్నా." రెండో ఠాణాలో ఇంకొకాయన ఫోన్‌లో మ్యాప్ తీసి, జూమ్ చేసి చేసి, సర్వీస్ రోడ్డు వరకే తమదని తేల్చాడు. గంటన్నర అటూ ఇటూ తిరిగాక మొదటి ఠాణాలోనే కాగితం తీసుకున్నారు.

ఈ గోడు కాలనీ వాట్సాప్ గ్రూపులో పెడితే ఒక పెద్దాయన పరిష్కారం చెప్పేశారు. వార్డుకి ఒక ఠాణా, వార్డుకి ఒక ఫైరింజన్, ముగ్గురికీ ఒకటే హద్దు, ఇంక గొడవే ఉండదట. నలభై మంది లైకులు కొట్టారు. వినడానికి బాగానే ఉంది గానీ, అది జరిగితే మన పని ఇప్పటికంటే అధ్వానమవుతుంది. మా తమ్ముడి బండి పోయిన కోపంలో ఉండి కూడా ఈ మాట చెప్తున్నాను.

వార్డు గీత గీసేది ఓటు కోసం. ఒక కార్పొరేటర్ కింద ఉండే జనం, పక్క కార్పొరేటర్ కింద ఉండే జనం దాదాపు సమానంగా ఉండాలి. అందుకని జనగణన లెక్కల్లోని జనాభా పట్టుకుని, సగటుకి పది శాతం అటూ ఇటూగా సర్దుతారు. జనం పెరిగితే గీత జరగాల్సిందే. హైదరాబాద్‌నే చూడండి. పాత మున్సిపల్ కార్పొరేషన్‌లో 100 డివిజన్లు, అంటే వార్డులే. 2007లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలు కలిసి గ్రేటర్ కార్పొరేషన్ జీహెచ్ఎంసీ అయ్యాక 2009 ఎన్నికలకి 150. మళ్లీ 2025 చివర్లో శివారు మున్సిపాలిటీలను కలుపుకుని 300 చేశారు.

ఠాణా హద్దు అలా జరిపేది కాదు. ఏ ఠాణా పరిధి ఎక్కడి నుంచి ఎక్కడి వరకు అన్నది రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేస్తుంది, మున్సిపాలిటీకి అందులో మాట లేదు. ప్రతి ఠాణాకీ ఒక మేజిస్ట్రేట్ కోర్టు ఉంటుంది. ఎఫ్ఐఆర్ కాపీ ఆ కోర్టుకే పోవాలి, రిమాండ్ అక్కడే, ఛార్జిషీటు అక్కడే. గీత జరిగిందంటే నడుస్తున్న కేసు ఫైళ్లు, స్వాధీనం చేసుకున్న సొత్తు, రౌడీషీట్లు అన్నీ ఎటు పోవాలో తేల్చుకోవాలి. వార్డులు మారినప్పుడల్లా ఇదంతా మోయాలంటే దర్యాప్తు ఎప్పుడు చేస్తారు?

ఇంకో సంగతి. వార్డు లెక్కపెట్టేది రాత్రి ఆ ఇంట్లో పడుకునేవాళ్లని. పోలీసులకి కావాల్సింది పగలు ఆ రోడ్డు మీద తిరిగేవాళ్ల లెక్క. బేగంబజార్, కోఠి, ఆబిడ్స్ వైపు కాపురాలు ఎన్ని, పొద్దున పదింటి నుంచి దిగే జనం ఎంత? ఓటర్ల లెక్కన ఠాణా పెడితే దసరా ముందు వారం అక్కడ ఏ స్టాఫూ సరిపోదు. కంటోన్మెంట్ ముచ్చట ఇంకా తమాషా. బోయిన్‌పల్లి, కార్ఖానా, తిరుమలగిరి ఠాణాల వాళ్లు చూసుకునే ప్రాంతంలో చాలా భాగం కంటోన్మెంట్ బోర్డు కిందిది, అక్కడ జీహెచ్ఎంసీ వార్డే లేదు. వార్డుకో ఠాణా అంటే వాళ్లు దొంగల్ని ఎవరికి పట్టించాలి?

పేర్లు మాత్రం నిజంగా మనల్ని తికమక పెడతాయి, ఒప్పుకుంటాను. జూబ్లీహిల్స్ పేరుతో వార్డు ఉంది, ఠాణా ఉంది, అసెంబ్లీ నియోజకవర్గం ఉంది. ఆ వార్డేమో ఖైరతాబాద్ నియోజకవర్గంలో ఉంది! పేరొకటైతే హద్దూ ఒకటే అనుకోవడం మన తప్పేమీ కాదు.

ఫైర్ సంగతికి వస్తే అసలు గీతే ముఖ్యం కాదు, నిమిషాలు ముఖ్యం. రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్ మున్సిపాలిటీలకి ఇవ్వదగ్గ పనుల్లో అగ్నిమాపక సేవల్ని కూడా రాసింది, ముంబైలో ఫైర్ బ్రిగేడ్ కార్పొరేషన్‌దే. మన రెండు రాష్ట్రాల్లో మాత్రం అది రాష్ట్ర శాఖ. ఎవరి కింద ఉన్నా లెక్క ఒకటే: పిలుపు వచ్చాక బండి ఎంతసేపట్లో చేరుతుంది? ఊళ్లో ఐదు నుంచి ఏడు నిమిషాలు, పల్లెల్లో ఇరవై నిమిషాలు అన్నది మన దేశంలో చెప్పుకునే కొలత.

మా ఇంటి లెక్కే చెప్తాను. మా వార్డులోనే ఫైర్ స్టేషన్ ఉంది, తిన్నగా గీత గీస్తే కిలోమీటరున్నర కూడా ఉండదు. కానీ మధ్యలో రైలు పట్టాలు. పెద్ద బండి బ్రిడ్జి ఎక్కి చుట్టి రావాలంటే నాలుగు కిలోమీటర్లు. పక్క వార్డు స్టేషన్ నుంచి అయితే రెండున్నర. మన ట్రాఫిక్‌లో గంటకి 25 కిలోమీటర్ల వేగం వేసుకుందాం. మా వార్డు బండికి దాదాపు పది నిమిషాలు, పక్క వార్డు బండికి ఆరు. పోయిన దీపావళికి వీధి చివర గోడౌన్ అంటుకుంటే వచ్చింది ఆ పక్క వార్డు బండే. దిగిన ఫైర్‌మన్ని "మా స్టేషన్ బండి ఏదన్నా?" అని మా వాట్సాప్ గ్రూపు పెద్దాయనే అడిగారు. ఆయన పైపు విప్పుకుంటూనే "అది వేరే కాల్‌కి పోయింది సార్, ఖాళీగా ఉంటే మేమైనా, వాళ్లయినా" అన్నాడు. 101కి ఫోన్ చేస్తే కంట్రోల్ రూమ్ చూసుకునేది ఇదే. స్టేషన్‌కి ఒక ఏరియా రాసి ఉంటుంది, తనిఖీలకీ రికార్డులకీ అది కావాలి. మంట దగ్గర మాత్రం ఆ గీత అడ్డం రాకూడదు.

మరి మా తమ్ముడి గంటన్నర ఎవరి ఖాతాలో వేయాలి? హద్దు వేరుగా ఉండటం వల్ల కాదు ఆ గంటన్నర పోయింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్ 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా కోర్టు అనుమతి లేకుండానే పోలీసులు దర్యాప్తు చేయగల కాగ్నిజబుల్ నేరం ఫిర్యాదు తీసుకోవాలి. సున్నా నంబరుతో కట్టి, తర్వాత వాళ్లలో వాళ్లు పంపుకోవాలి. ఎఫ్ఐఆర్ కాపీ మనకి ఉచితంగా ఇవ్వాలి. తీసుకోనంటే పైఅధికారికి రాతపూర్వకంగా పంపే దారీ అదే సెక్షన్‌లో ఉంది. 2019 నవంబరులో దిశ ఘటనప్పుడు ఆమె కుటుంబాన్ని "మా పరిధి కాదు" అని తిప్పినందుకు ఒక ఎస్ఐని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లని సస్పెండ్ చేశారు. అయినా ఠాణా గుమ్మంలో మొదటి ప్రశ్న పిల్లర్‌కి అటా ఇటా అనే.

నాకు కావాల్సింది రెండే. ఒకటి, ఠాణా హద్దుల మ్యాప్ వీధి స్థాయిలో, మామూలు మనిషికి అర్థమయ్యేలా నెట్‌లో పెట్టండి, అదే ప్రింటు ఠాణా గోడకి తగిలించండి. రెండు, హద్దు గీసేటప్పుడు రోడ్డు మధ్యలోంచి గీయకండి. రోడ్డు మొత్తం, రెండు ఫుట్‌పాత్‌లతో సహా, ఒకే ఠాణాకి రాసేయండి. ఓటరు రోడ్డు మధ్యలో కాపురం ఉండడు కాబట్టి వార్డు గీత డివైడర్ మీద పోయినా నష్టం లేదు. యాక్సిడెంట్ జరిగేది, గొలుసు తెంపుకుపోయేది, బండి పోయేది మాత్రం ఆ రోడ్డు మీదే.

బండి ఇంకా దొరకలేదు. కేసు మొన్ననే పిల్లర్‌కి అటు దిక్కు ఠాణాకి బదిలీ అయిందని మెసేజ్ వచ్చింది.