విడాకుల సంగతి కొడుక్కి ముందు చెప్పి, కూతురికి దాచిపెడతారా?

నిన్న తిరుచానూరులో ఒక పెళ్ళి. భోజనాల బంతిలో మా అక్క కూతురి పక్కన కూర్చున్న పెద్దావిడ, "మీ అమ్మా నాయనా విడాకులు తీసుకుంటున్నారంట గదమ్మా, నిజమేనా?" అని అడిగింది. ఆ పిల్ల సగం తిన్న ఆకు ముందు నుంచి లేచి నా దగ్గరికి వచ్చి, "చిన్నమ్మా, నీకు కూడా తెలుసా?" అంది. రాత్రి నుంచి నాకు నిద్ర లేదు. ఇది రాయమని తనే అంది కాబట్టి రాస్తున్నాను.

అక్కా బావా విడిపోవడం మీద నాకు కోపం లేదు. యాభై దాటాక విడిపోవడమేమిటని ముక్కు మీద వేలేసుకునేవాళ్ళకు ఆ ఇంట్లో ఏం జరిగిందో తెలియదు. ఏళ్ళ తరబడి ఒకే ఇంట్లో వేరువేరు గదుల్లో బతికారు. 'వేరుగా ఉండటం' అంటే వేరే ఇల్లు ఉండాలని లేదు, భార్యాభర్తల్లా బతక్కపోతే చాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. నా కోపమంతా చెప్పిన తీరు మీదే. కొడుక్కి ముందే చెప్పారు. కూతురికి సంబంధాలు చూస్తున్నాం, బయటికి పొక్కితే చెడిపోతాయని దాచారు. దాచింది ఒక్క ఆ పిల్ల దగ్గరే. ఊరందరికీ తెలిసింది!

పిల్లలు చిన్నవాళ్ళైతే వాళ్ళు ఎవరి దగ్గర ఉండాలి, ఖర్చు ఎవరు భరించాలి అన్న ప్రశ్న కోర్టులో వస్తుంది. 18 నిండితే కస్టడీ ప్రశ్నే రాదు. పిల్లల గురించి మాట్లాడి తీరాల్సిన పని ఎవరూ పెట్టరు. అందుకే చాలామంది అమ్మానాన్నలు పెద్ద పిల్లలకు చెప్పే పనిని వాయిదా వేస్తూ పోతారు.

ఎప్పుడు చెప్పాలి? పరస్పర అంగీకారంతో విడాకులంటే ముందు ఏడాదైనా వేరుగా ఉండి ఉండాలి. పిటిషన్ వేశాక మామూలుగా ఆరు నెలలు ఆగి, ఇద్దరూ మళ్ళీ కోర్టుకు వెళ్ళి అదే మాట చెప్పాలి. సందర్భాన్ని బట్టి ఆ ఆరు నెలలు తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు అంది. ఈ లోపల ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. కాబట్టి ఇద్దరూ గట్టిగా నిర్ణయించుకున్నాక, పిటిషన్ వేయకముందే చెప్పాలి. ఇంకా ఊగిసలాటలో ఉండగా చెబితే పిల్లలు రాయబారులైపోతారు. అమ్మ ఫోన్ చేసి ఏడుస్తుంది, నాన్న ఫోన్ చేసి సంజాయిషీ చెప్తాడు, మధ్యలో ఆఫీసులో కూర్చున్న పిల్ల నలిగిపోతుంది.

చెప్పేటప్పుడు ఇద్దరూ ఒకే చోట కూర్చోవాలి. పిల్లలిద్దరికీ ఒకే రోజు, ఏ బంధువుకూ తెలియకముందే చెప్పాలి. "మేం విడిపోతున్నాం. ఇది మా ఇద్దరి నిర్ణయం. మీరు ఎవరి పక్షమూ తీసుకోనక్కర్లేదు" అంటే చాలు. పడకగది సంగతులు, పాత గొడవల చిట్టా పిల్లలకు అక్కర్లేదు. వాళ్ళు అడిగేవి వేరే ఉంటాయి. నిన్న ఆ పిల్ల అడిగినవి ఇవి: ఇల్లు అమ్ముతారా? సంక్రాంతికి నేను ఎవరి దగ్గరికి రావాలి? నా పెళ్ళిలో పీటల మీద ఎవరు కూర్చుంటారు? ఒక్కదానికీ ఆ ఇద్దరి దగ్గర జవాబు లేదు. విడాకులయ్యాక అక్క బావకు చట్టప్రకారం వారసురాలు కాదని, పిల్లల హక్కు మాత్రం ఎక్కడికీ పోదని కూడా ఎవరూ చెప్పలేదు. అందుకే ఆ పిల్ల తన కాళ్ళ కింద నేల మొత్తం పోయిందనుకుంటోంది.

పైగా అక్క రాత్రి ఫోన్‌లో ఏమందో తెలుసా? "మీ కోసమే ఇన్నేళ్ళూ ఓర్చుకున్నా." అక్కా, ఆ మాట ఎలా అనగలిగావు? ఆ పిల్ల ఇప్పుడు చిన్నప్పటి ప్రతి పుట్టినరోజునూ తవ్వుకుంటోంది, అమ్మ అప్పుడు కూడా ఏడుస్తూనే ఉందా అని. నీ ఓర్పును దాని నెత్తిన అప్పుగా పెట్టావు.

మా ఇంట్లో ఇది కొత్త కాదు. చిత్తూరులో నాయన ఇల్లు అమ్మినప్పుడు బేరం, అడ్వాన్సు, వాటాలు అన్నీ అన్నలు మాట్లాడుకున్నారు. నన్ను రిజిస్ట్రార్ ఆఫీసుకు పిలిచి, వేలితో చూపించి ఇక్కడ సంతకం పెట్టమన్నారు. నేను పుట్టి పెరిగిన ఇల్లు అది! ఆడపిల్ల తట్టుకోలేదు, ఆడపిల్లకెందుకు అనే ఈ మాట అప్పుడూ విన్నాను, ఇప్పుడూ వింటున్నాను. కబురు పెళ్ళిబంతిలో వినడాన్ని మాత్రం ఆడపిల్లే తట్టుకోవాలి.

బావా, ఈ పోస్ట్ మీరు చూస్తారని తెలుసు. ఆదివారం మీరూ అక్కా కలిసి చెన్నైలో అమ్మాయి దగ్గరికి వెళ్ళండి. అబ్బాయిని కూడా అక్కడికే పిలిపించండి. ఇల్లు ఏం చేస్తారో, పండక్కి ఎవరెక్కడుంటారో ముందే మాట్లాడుకుని వెళ్ళండి. అది అరిస్తే అరవనివ్వండి, వారం రోజులు ఫోన్ ఎత్తకపోయినా ఊరుకోండి. సంబంధం చూడటానికి వచ్చేవాళ్ళకు కూడా ఉన్నది ఉన్నట్టు చెప్పండి. అది విని వెనక్కి వెళ్ళిపోయే ఇంటికి మన పిల్లను ఇవ్వక్కర్లేదు.