ముసలమ్మకు ఇస్త్రీ

AI గీసిన బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది. అరవై దాటిన ముసలమ్మ. కళ్ల చివర ముడతలు, ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ, కుడికంటి రెప్ప కాస్త వాలి ఉంది. 1024 పిక్సెళ్ల ఈ బొమ్మను 2048 చేయాలి, అంతే పని. కానీ మన అప్‌స్కేల్ వీరుడు ఊరుకుంటాడా? ముఖాన్ని బాగుచేసే మీట కనబడింది, నొక్కాడు. ముసలమ్మ లోపలికెళ్లి మనవరాలు బయటికొచ్చింది. మళ్లీ నొక్కాడు. మనవరాలు బడి పిల్లయింది. మూడో నొక్కుకు మిగిలింది ఒలిచిన కోడిగుడ్డు, దానికి రెండు కళ్లు. మెడకు మాత్రం అరవై ఏళ్లే. పుట్టుమచ్చను దుమ్మనుకుని తుడిచేశారు. “ఎంత క్లియర్‌గా ఉందో!” అని వీరుడు మురిసిపోయాడు.

ఈ ఇస్త్రీ వెనక శాస్త్రముంది. ఆ మీట వెనకుండే CodeFormer, GFPGAN లాంటి మోడళ్లు ముఖాన్ని కత్తిరించి, 512 పిక్సెళ్ల చదరంలో తిరగరాసి, మళ్లీ సాగదీసి అతికిస్తాయి. గుంపు ఫొటోలో వెనక వరుస ముఖాలకు అది వరమే. మన ముసలమ్మ ముఖమే 900 పిక్సెళ్లుంది. అంటే చేతిలో ఉన్న చర్మరంధ్రాలను పారబోసి నునుపును అరువు తెచ్చుకోవడం. పైగా CodeFormer weight లెక్క తిరకాసుగా ఉంటుంది: 0 అంటే పూర్తి ప్రభావం, 1 అంటే అతి తక్కువ. సున్నాకు లాగి “ఆపేశాను” అని గుండెమీద చెయ్యేసుకుని పడుకునేవారికి శతకోటి దండాలు.

ఇక Denoising strength, అంటే పాత బొమ్మను ఎంత మేర తిరగ్గీయాలో చెప్పే విలువ. దాన్ని 0.5కి లాగితే బొమ్మ మీద అంత నాయిజ్ కప్పి మళ్లీ గీయించినట్టే. మోడల్‌కు తెలిసింది సగటు ముఖం. అందుకే వాలిన రెప్ప లేస్తుంది, ముక్కు సన్నబడుతుంది, రెండు కళ్లూ కవలలవుతాయి. ఒక్కోటీ వెంట్రుకవాసే, అన్నీ కలిస్తే ఆమె చెల్లెలు. ఆ వాలిన రెప్ప లోపం కాదయ్యా! ఆమె ఆమెలా ఉన్నది దాని వల్లే. దాన్ని సరిదిద్దమని నిన్నెవరడిగారు?

చేయాల్సింది పెద్ద విద్యేం కాదు. ముఖం బాగుచేసే మీట ఆపి, ముందు మామూలు అప్‌స్కేలర్‌తో రెండింతలు చేయాలి. ఆ ప్రతిని దాచిపెట్టాలి. తర్వాత ప్రాంప్ట్‌లోంచి “మచ్చలేని నునుపు చర్మం” లాంటి భజన తీసేసి, పాత బొమ్మ రూపురేఖలు జారిపోకుండా పట్టి ఉంచే కంట్రోల్‌నెట్ టైల్ తగిలించి, Denoising strength 0.2 నుంచి 0.3 లోపు పెట్టి నడపాలి. బొమ్మను ముక్కలు చేసి టైళ్లుగా నడిపేటప్పుడు ప్రాంప్ట్ ప్రతి టైల్‌కూ వర్తిస్తుంది కాబట్టి విలువ పెరిగితే శాలువా మడతల్లో ఇంకో ముసలమ్మ మొలుస్తుంది. ముఖం దగ్గర మాత్రం మాస్క్ వేసి, దాచిన ప్రతి మీద కొత్తదాన్ని 40 శాతం మాత్రమే కనబడేలా కలిపితే చాలు. గ్రెయిన్ వేయాలనుకుంటే సైజు మార్పులన్నీ అయ్యాకే, కొద్దిగా.

చివరగా దాచిన ప్రతిని, కొత్తదాన్ని రెండు పొరలుగా పెట్టి, తేడా ఉన్నచోటే వెలుగు చూపే Difference మోడ్‌లో చూడండి. సన్నటి ఇసుక రవ్వల్లాంటి చుక్కలు ఫరవాలేదు. కుడి రెప్ప మీద తెల్లటి నెలవంక మెరిసిందా, రెప్ప కదిలింది. విలువ తగ్గించి మళ్లీ నడపండి.