కొంటామన్నవారిలో కొనేదెందరు?

పలాస జీడిపప్పు వ్యాపారి ఒకరు విజయనగరంలో పావుకిలో మిరియాల జీడిపప్పు ప్యాకెట్‌ను 260 రూపాయలకు అమ్మాలనుకుంటున్నారనుకుందాం. 200 ఇళ్లలో సర్వే చేయిస్తే 60 మంది తప్పకుండా కొంటామన్నారు, 70 మంది కొనొచ్చన్నారు. మిగతా 70 మంది తేల్చలేదు, లేదా వద్దన్నారు. రిపోర్టులో మాత్రం 65 శాతం మంది కొంటారని రాస్తారు. ఆ లెక్కతో సరుకు వేయిస్తే చాలావరకు గోదాంలోనే మెత్తబడుతుంది.

ఆ 130 మందీ అబద్ధం చెప్పలేదు. ఇంటికొచ్చి రుచి చూపించిన అమ్మాయికి మొహం మీద వద్దని చెప్పడం మన ఇళ్లలో కష్టం. పైగా సర్వేలో సరే అంటే ఖర్చేమీ లేదు. పైడితల్లి పండగ ముందు అడిగితే ఉన్న ఉత్సాహం, చేతిలో డబ్బు ఆడని నెలలో ఉండదు.

అందుకే ఆ జవాబును తగ్గించి చూడాలి. ఎంత తగ్గించాలి? కొంటామన్నవారిలో ఇన్ని పాళ్లే కొంటారని పుస్తకాల్లో ముందే ఇచ్చే గుణకాలను ఇక్కడ వాడటం నాకు నచ్చదు. ఇప్పటికే ఊళ్లో అన్ని దుకాణాల్లో దొరికే, దాదాపు అదే ధర ఉన్న మరో చిరుతిండి గురించి వాళ్లనే అదే ప్రశ్న అడిగి, రెండు నెలలాగి ఫోన్ చేసి కొన్నారో లేదో కనుక్కోవాలి. తప్పకుండా అన్నవారిలో 10కి 4, కొనొచ్చన్నవారిలో 10కి 1, మిగతావారిలో 20కి 1 చొప్పున కొన్నారనుకోండి. ఆ పాళ్లతో మన ప్యాకెట్‌ను 24, 7, 3.5 చొప్పున, అంటే సుమారు 35 మంది కొంటారు. 65 శాతం కాస్తా 17 అయింది.

అదీ ప్యాకెట్ సంగతి తెలిసి, పక్క కొట్లో దొరికినప్పటి మాట. ఊళ్లో సగం మందికే తెలిసి, అందులో సగం మందికే దొరికితే 4 శాతం మిగులుతుంది. ఒక జాగ్రత్త: పోలికకు తీసుకున్న సరుకు కూడా సగం కొట్లలోనే దొరికేదైతే, ఆ కోత ముందు పాళ్లలోనే పడిపోయింది. మళ్లీ కోస్తే అంచనా మరీ పడిపోతుంది.

ప్రశ్ననూ మార్చాలి. 'కొంటారా?' అనే బదులు ధర, దుకాణం, గడువు చెప్పి, 'వచ్చే 30 రోజుల్లో కొనే అవకాశం పదిలో ఎన్ని పాళ్లు?' అనాలి. అమెరికా ఆర్థికవేత్త థామస్ జస్టర్ 1966లో ప్రతిపాదించిన 0 నుంచి 10 కొలమానం ఇదే. అంకెలతో ఇబ్బంది పడేవారి చేతికి పది చింతపిక్కలిచ్చి, ఎన్ని పక్కన పెడతారో చూస్తే చాలు. కొనే ఉద్దేశం లేదన్నవారిని సున్నాగా కొట్టేయకూడదని కూడా జస్టర్ పరిశీలనే చెప్పింది. ఒక్కొక్కరి అవకాశం తక్కువైనా వాళ్ల సంఖ్య ఎక్కువ కాబట్టి, అసలు కొనుగోళ్లలో పెద్ద వాటా వాళ్లదే కావచ్చు.

ఫోన్ చేసేటప్పుడు సర్వే చేయని కొన్ని ఇళ్లకూ చేయాలి. అమెరికాలో 1993లో వచ్చిన ఒక అధ్యయనంలో, కొంటారా అని అడిగినందువల్లే కార్ల, కంప్యూటర్ల కొనుగోళ్లు పెరిగినట్టు తేలింది. మన సర్వే ఇళ్లలో కనిపించే అమ్మకంలో ప్రశ్న పుట్టించింది ఎంతో, అడగని ఇళ్లతో పోల్చితేనే తెలుస్తుంది.